వేలికి టైమివ్వండి!

యూఎక్స్ రైటర్, కంటెంట్ డిజైనర్, ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్... ఇలాంటి ఉద్యోగాలకు అప్లై చేస్తే ఇంటర్వ్యూకి ముందు చిన్న అసైన్‌మెంట్ ఇస్తుంటారు. మీకు ఇలాంటిది ఒకటి వచ్చిందనుకోండి: ‘మా బ్యాంకు యాప్‌ను మొదటిసారి వాడే పెద్దవయసు వారి కోసం పరిచయ వీడియో స్క్రిప్ట్ రాయండి. మొదట చేయాల్సిన మూడు పనులు చూపించాలి. నిదానంగా సాగాలి.’ గడువు రెండు రోజులు.

చాలామంది ఏం చేస్తారంటే, ‘నమస్కారం, మా యాప్‌కు స్వాగతం’ అని మొదలుపెట్టి, ఫీచర్లన్నీ వరసగా చెప్పి, పక్కన ‘నెమ్మదిగా చదవాలి’ అని ఓ సూచన రాసి పంపేస్తారు. ఆ వీడియో చూస్తున్నంతసేపూ ఓ రిటైర్డ్ టీచర్‌కు అంతా అర్థమైనట్టే ఉంటుంది. తీరా యాప్ తెరిచాక వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు. అప్పుడు ఆయన ఫోన్‌ను పక్కింటి కుర్రాడికో, రీచార్జ్ షాపులోని అబ్బాయికో ఇస్తారు. పిన్ అడిగితే అదీ చెప్పేస్తారు. వీడియో దారి చూపకపోతే పిన్ చేతులు మారుతుంది. మీ స్క్రిప్ట్‌లో ఆపాల్సింది దీన్నే.

అందుకే ‘నిదానంగా’ అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. గొంతు మెల్లగా సాగదీస్తే సరిపోదు. వినేవారి చెవి బాగానే పనిచేస్తోంది. టైమ్ కావాల్సింది కంటికి, వేలికి. తెర మీద బటన్‌ను వెతుక్కోవాలి, అదేనా కాదా అని చూసుకోవాలి, వేలు అక్కడికి తీసుకెళ్లాలి, తాకాక ఏం మారిందో గమనించాలి. స్క్రిప్ట్‌లో ఈ నాలుగింటికీ చోటుంటేనే అది నిదానమైన స్క్రిప్ట్.

ఏ మూడు పనులు?

బిల్లు కట్టడం, ఎఫ్‌డీ తెరవడం, చెక్‌బుక్ అడగడం... యాప్‌లో చాలా ఉంటాయి. ఏ మూడింటిని ఎంచుకున్నారు, ఏ వరసలో పెట్టారు అన్నదాన్నిబట్టే మీ ఆలోచన తెలిసిపోతుంది. నేనైతే పొరపాటు జరిగితే అయ్యే నష్టాన్నిబట్టి వరస పెడతాను.

మొదటిది, యాప్‌ను నమోదు చేసుకుని పిన్ పెట్టుకోవడం. ఇది లేకుండా లోపలికి వెళ్లలేరు కాబట్టి దీన్ని తప్పించలేం. రెండోది, ఖాతాలో ఎంత ఉందో, పింఛను పడిందో లేదో చూసుకోవడం. ఇందులో కేవలం చూడటమే, డబ్బు ఎక్కడికీ పోదు. భయం పోయేది ఇక్కడే. నెలనెలా అవసరమయ్యేదీ ఇదే. మూడోది, ఇంట్లోవాళ్లకు పది రూపాయలు పంపడం. డబ్బు కదిలే పని కాబట్టి చివర్లో. రెండో పనిని నాలుగైదుసార్లు సొంతంగా చేసినవారే మూడోదానికి రావాలని స్క్రిప్ట్‌లోనే చెప్పండి.

ఫోన్ ఒక్కటే!

లాప్‌టాప్‌లో వీడియో పెట్టుకుని ఫోన్‌లో పని చేసుకోవడం మనకు అలవాటు. పెద్దవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది ఒకే ఫోన్. వీడియో వచ్చేదీ అందులోనే, పని చేయాల్సిందీ అందులోనే. ‘ఇప్పుడు నాతోపాటు చేయండి’ అని రాశారా, వాళ్లు వీడియోలోంచి బయటకు రావాలి. బయటకొస్తే వీడియో మాయం. మళ్లీ వీడియోలోకి వెళ్తే యాప్ వెనక్కి పోతుంది. బ్యాంకు యాప్‌లు కొన్ని నిమిషాలు కదలిక లేకపోతే భద్రత కోసం వాటంతటవే లాగౌట్ అవుతాయి. తిరిగొచ్చేసరికి మళ్లీ పిన్ అడుగుతుంది. ‘ఏదో పాడుచేశాను’ అని ఆయన అనుకుంటారు.

కాబట్టి స్క్రిప్ట్ నిర్మాణమే మారాలి. మూడు పనులకూ కలిపి ఒక వీడియో వద్దు, మూడు విడివిడి వీడియోలు చేయండి. ఒక్కోదాని మొదట్లో ‘ముందు చివరిదాకా చూడండి. అప్పటిదాకా ఏమీ చేయనక్కర్లేదు’ అని చెప్పాలి. చివర్లో మొత్తం అడుగుల్ని చిన్నచిన్న మాటల్లో ఒకే తెర మీద పెద్ద అక్షరాలతో 15 సెకన్లు నిలపాలి, కాగితం మీద రాసుకోవడానికి వీలుగా. ‘కావాలంటే రాసుకోండి. పిన్ మాత్రం రాయొద్దు’ అన్న మాట అక్కడే రావాలి. వీడియో ఆగాక ఆయనకు తోడుండేది ఆ కాగితమే.

ఒక్కో అడుగులో నాలుగు భాగాలు

స్క్రిప్ట్‌లో ప్రతి అడుగునూ నాలుగు భాగాలుగా రాయండి: తెర, గొంతు, నిశ్శబ్దం, గుర్తు. తెర అంటే ఏం కనిపించాలి. గొంతు అంటే ఏం వినిపించాలి. నిశ్శబ్దం అంటే ఎన్ని సెకన్లు ఏమీ మాట్లాడకూడదు. గుర్తు అంటే పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది. ఒక అడుగులో ఒక్క తాకుడే ఉండాలి. ‘మెనూలోకి వెళ్లి, అకౌంట్స్ ఎంచుకుని, వ్యూ బ్యాలెన్స్ నొక్కండి’ అంటే వినడానికి ఒక వాక్యమే, చేతికి మాత్రం మూడు పనులు.

ఒక ఊహా బ్యాంకు యాప్ తీసుకుని రెండో పనిని రాసి చూద్దాం. ఇందులో అయిదు అడుగులున్నాయి: యాప్ గుర్తును తాకడం, పిన్ వేయడం, బ్యాలెన్స్ చూడటం, చివరి లావాదేవీలు చూడటం, లాగౌట్ అవడం. మూడు, నాలుగు అడుగులు ఇలా ఉంటాయి.

అడుగు 3

తెర: యాప్ మొదటి పేజీ మొత్తం 3 సెకన్లు మామూలుగా కనిపిస్తుంది. తర్వాత View Balance బటన్ చుట్టూ గుండ్రటి గీత వస్తుంది.

గొంతు: ‘తెర మధ్యలో నీలం రంగు పట్టీ ఉంది. దాని మీద ఇంగ్లిష్‌లో View Balance అని రాసి ఉంది. దాన్ని వేలితో ఒక్కసారి తాకి, వెంటనే వేలు తీసేయండి.’

నిశ్శబ్దం: 6 సెకన్లు. ఒక చేయి తెర మీదకు వచ్చి, బటన్ తాకి, వెనక్కి వెళ్తుంది.

గుర్తు: ‘రూపాయి గుర్తు పక్కన ఒక అంకె వచ్చింది. ఈ క్షణంలో మీ ఖాతాలో ఉన్న సొమ్ము అదే. పాస్‌బుక్‌లో నిల్వ అని చివరి గడిలో ఉంటుంది కదా, అదే ఇది.’

అడుగు 4

తెర: అదే పేజీ. ఈసారి Mini Statement చుట్టూ గీత.

గొంతు: ‘నీలం పట్టీకి కిందే Mini Statement అని ఉంది. దాన్ని ఒక్కసారి తాకండి.’

నిశ్శబ్దం: 6 సెకన్లు.

గుర్తు: ‘తేదీల వరసతో పట్టిక వచ్చింది. Cr అని ఉంటే ఖాతాలో జమ అయినట్టు. Dr అని ఉంటే ఖాతాలోంచి వెళ్లినట్టు. పింఛను తేదీ దగ్గర Cr ఉందేమో చూడండి.’

ఇందులో కొన్ని ఎందుకలా రాశామో గమనించండి. బటన్ పేరును Viewing, Balance Check అని మనకు తోచినట్టు మార్చలేదు. తెర మీద ఏ అక్షరాలుంటే అవే పలికించాం. అయితే ఇంగ్లిష్ చదవలేనివారికి పేరు ఒక్కటే సరిపోదు. అందుకని రంగు, చోటు కూడా చెప్పాం. రంగు ఒక్కటే చెప్పినా చాలదు. వయసుతోపాటు, ముఖ్యంగా కంటిలో శుక్లాలున్నప్పుడు, నీలం, ఆకుపచ్చ లాంటి రంగుల తేడా పట్టడం కష్టమవుతుంది. పేరు, రంగు, చోటు... మూడూ ఉంటే ఏదో ఒకటి ఆసరా అవుతుంది.

పేజీ మొత్తాన్ని ముందు 3 సెకన్లు చూపించడానికీ కారణముంది. ఎడిటింగ్‌లో బటన్‌ను జూమ్ చేసి చూపిస్తే అందంగానే ఉంటుంది. కానీ అది పేజీలో ఏ మూల ఉందో చూసేవారికి తెలియదు. తమ ఫోన్‌లో వెతుక్కోవాల్సింది జూమ్ చేయని పేజీలోనే కదా!

మరో చిక్కు ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంది. పెద్దవాళ్ల ఫోన్లలో అక్షరాల సైజు బాగా పెంచి ఉంటుంది. అప్పుడు పేజీ అమరిక మారిపోయి, మన ఫోన్‌లో మధ్యలో కనిపించిన బటన్ వాళ్ల ఫోన్‌లో కిందికి జారిపోవచ్చు. స్క్రిప్ట్ మొదలుపెట్టే ముందే అక్షరాల సైజును పెద్దది చేసి యాప్ పేజీలను ఒకసారి చూడండి. వీడియోలోనూ ఆ సైజులోని పేజీలనే వాడమని సూచన రాయండి.

‘నొక్కండి’తో వచ్చే తంటా

తెలుగులో బటన్ అనగానే ‘నొక్కండి’ అని రాసేస్తాం. లిఫ్ట్ బటన్, కాలింగ్ బెల్ అలవాటున్నవారు నొక్కమంటే గట్టిగా నొక్కి పట్టుకుంటారు. టచ్ ఫోన్‌లో నొక్కి పట్టుకోవడం వేరే పని. హోమ్ స్క్రీన్‌లో యాప్ గుర్తును అలా పట్టుకుంటే యాప్ తెరుచుకోదు. చిన్న మెనూ వస్తుంది, కొన్ని ఫోన్లలో అందులో యాప్‌ను తీసేసే ఆప్షన్ కూడా ఉంటుంది. అందుకే ‘ఒక్కసారి తాకి వేలు తీసేయండి’ అని రాయాలి. మొదటి వీడియోలో ఈ తాకుడును దగ్గరగా ఒకసారి చూపిస్తే చాలు, తర్వాత ‘తాకండి’ అంటే సరిపోతుంది.

‘కిందికి స్క్రోల్ చేయండి’ కూడా ఇలాంటిదే. పేజీలో కింద ఉన్నది చూడాలంటే వేలు పైకి జరగాలి. కిందికి అన్న మాట విని వేలు కిందికి లాగితే పేజీ కదలదు. ఇలా రాయండి: ‘వేలిని తెర మీద ఆనించి మెల్లగా పైకి జరపండి. కింద ఉన్నవి పైకి వస్తాయి.’

ఇక పిలుపు. ‘తాతగారూ, బామ్మగారూ’ అని వద్దు. బ్యాంకు కౌంటర్‌లో ఉద్యోగి ఎలా మాట్లాడతారో అలా ‘మీరు, చూడండి, తాకండి’ చాలు. ‘చాలా ఈజీ, చిటికెలో అయిపోతుంది’ లాంటివీ తీసేయండి. ఈజీ అన్న పని తనకు రాకపోతే ఆయన మళ్లీ ప్రయత్నించరు.

మొదటి పని ఎక్కడ ఆగిపోతుంది?

నమోదు వీడియోలో అడుగులకంటే ఆగిపోయే చోట్లే ముఖ్యం. చాలా బ్యాంకు యాప్‌లు నమోదు సమయంలో ఫోన్‌లోని సిమ్ నుంచి తమంతట తామే ఒక ఎస్సెమ్మెస్ పంపుతాయి. బ్యాంకులో ఇచ్చిన నంబరు, ఈ ఫోన్‌లోని సిమ్ ఒకటేనా అని అలా సరిచూసుకుంటాయి. ఇది తెలిస్తే పని ఎందుకు ఆగుతుందో కూడా తెలిసిపోతుంది. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో వేరే సిమ్ ఎంచుకుంటే ఆగుతుంది. రీచార్జ్ గడువు అయిపోయి ఎస్సెమ్మెస్ బయటకు వెళ్లకపోతే ఆగుతుంది. బ్యాంకులో ఉన్నది అబ్బాయి నంబరైతే ఆగుతుంది. ఎస్సెమ్మెస్ వెళ్తుండగా యాప్ వదిలి వీడియోలోకి వచ్చినా ఆగిపోవచ్చు.

ఇవన్నీ అడుగుల మధ్యలో చెబితే గందరగోళం. అడుగులన్నీ పూర్తయ్యాక ‘ఇలా జరగకపోతే’ అని విడిగా ఒక భాగం పెట్టండి. ఒక్కో కారణానికి ఒక్కో వాక్యం చాలు: ‘సరిపోలలేదు అని వస్తే, బ్యాంకులో ఇచ్చిన నంబరు ఏ సిమ్‌దో చూసి దాన్ని ఎంచుకోండి.’ చివరగా ‘అయినా కాకపోతే మీ బ్రాంచికి వెళ్లండి, లేదా డెబిట్ కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేయండి’ అని ముగించండి. ‘కస్టమర్ కేర్‌కు కాల్ చేయండి’ అని వదిలేస్తే నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతారు. అక్కడ మోసగాళ్లు పెట్టిన నకిలీ నంబర్లు దొరికే ప్రమాదం ఉంది. అదే కారణంతో వీడియోలో యాప్ లింకు కూడా ఇవ్వొద్దు. లింకు తాకి యాప్ వేసుకోవడం మనమే నేర్పితే, రేపు ఎవరో పంపిన లింకునూ అలాగే తాకుతారు. ప్లేస్టోర్‌లో బ్యాంకు పేరు వెతికి వేసుకోవడమే చూపించండి.

పది రూపాయల పాఠం

మూడో పనిలో హెచ్చరికలు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. చాలా వీడియోల్లో అవి చివర్లో, చిన్న అక్షరాల్లో పరుగెడుతుంటాయి. అవసరమైన చోట మాత్రం ఉండవు. హెచ్చరిక వేలు ఆగాల్సిన చోటే రావాలి.

ఒక కేసు చూద్దాం. రిటైర్డ్ టీచర్ తన కూతురికి యూపీఐలో పది రూపాయలు పంపుతున్నారు. కూతురు ఆ టైమ్‌కి ఇంట్లోనే పక్కన ఉండాలని వీడియో మొదట్లోనే చెప్పాం. ఫోన్ నంబరు వేయగానే తెర మీద ఒక పేరు వస్తుంది. ఇక్కడ మొదటి ఆగుడు, 8 సెకన్లు: ‘పేరు చదవండి. మీరు పంపాలనుకున్న వారి పేరేనా? కాకపోతే వెనక్కి రండి. ఇప్పటిదాకా డబ్బేమీ పోలేదు.’ తర్వాత మొత్తం వేయాలి. ఇక్కడ రెండో ఆగుడు: ‘ఎన్ని సున్నాలున్నాయో చూసి, అంకెను పైకి చదవండి.’ పదికి బదులు వంద పడటం ఇక్కడే జరుగుతుంది. తర్వాత పిన్ పేజీ. మూడో ఆగుడు, అన్నిటికంటే పెద్దది: ‘పిన్ వేస్తే మీ ఖాతాలోంచి డబ్బు వెళ్తుంది. డబ్బు రావడానికి ఎప్పుడూ పిన్ అక్కర్లేదు. మీకు డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అది మోసం.’ ఈ మాట పిన్ పేజీ కళ్ల ముందున్నప్పుడే వింటే, మళ్లీ ఆ పేజీ వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

పిన్ వేశాక ఒక్కోసారి గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంటుంది, లేదా Pending అని వస్తుంది. కంగారులో మళ్లీ పంపితే రెండుసార్లు వెళ్లొచ్చు. అందుకే ఈ అడుగుకు గుర్తుతోపాటు ఒక ఆదేశం కూడా ఉండాలి: ‘వెంటనే మళ్లీ పంపొద్దు. కాసేపాగి, రెండో వీడియోలో నేర్చుకున్నట్టు Mini Statement చూడండి. పది రూపాయలు, Dr అని ఉంటే డబ్బు వెళ్లినట్టే. అక్కడ లేకపోయినా Pending అని ఉన్నంతవరకు మళ్లీ పంపొద్దు.’ రెండో పని మూడోదానికి ఇలా పనికొస్తుంది. మోసపోయామని అనుమానం వస్తే 1930కు వెంటనే ఫోన్ చేయాలన్నదీ చివరి కాగితంలో ఒక వరసగా ఉండాలి. సైబర్ నేరాల ఫిర్యాదుకు అది జాతీయ హెల్ప్‌లైన్.

సెకన్లు ఎలా లెక్కేయాలి?

ఇంగ్లిష్ స్క్రిప్టులకు నిమిషానికి ఇన్ని పదాలని ఒక లెక్క ఉంటుంది. తెలుగుకు అది నప్పదు. ‘తాకాల్సివస్తుంది’ మనకు ఒక్క పదమే మరి! అందుకే స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. పైన రాసిన రెండో పనిలో ఒక్కో అడుగుకు గొంతు 7 సెకన్లు, నిశ్శబ్దం 6, గుర్తు 5 చొప్పున సగటున 18 సెకన్లనుకుంటే, అయిదు అడుగులకు 90. మొదటి మాటలకు 15, చివరి కాగితానికి 15. మొత్తం రెండు నిమిషాలు. ‘60 సెకన్లకు కుదించండి’ అని ఎవరైనా అడిగితే నిశ్శబ్దాలు తీసేయొద్దు. అడుగులు తగ్గించండి, నాలుగో అడుగును వేరే వీడియోకు మార్చండి.

నిశ్శబ్దం ఎంతుండాలో తేలకపోతే, అదే అడుగును మీరు ఎడమ చేతి చూపుడు వేలితో, కొత్త ఫోన్ మీద చేసి చూడండి. అసలు పరీక్ష మాత్రం ఇంట్లోని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతోనే. వాళ్ల నిజమైన ఖాతాతో చేయించొద్దు. ఫిగ్మాలో ఉత్తుత్తి పేజీలు తయారుచేసి, బటన్ తాకితే తర్వాతి పేజీ వచ్చేలా కలపండి. వీడియోకూ అవే పనికొస్తాయి. బ్యాంకు యాప్‌ను స్క్రీన్ రికార్డ్ చేయబోతే చాలావాటిలో తెర నల్లగా వస్తుంది. ఆండ్రాయిడ్‌లో `FLAG_SECURE` అనే అమరికతో రికార్డింగ్‌ను అడ్డుకుంటారు.

స్క్రిప్ట్‌ను మీరే చదివి వినిపించి, ఫోన్ వాళ్ల చేతికివ్వండి. సాయం చేయొద్దు. వేలు గాల్లో ఆగిందా, తలెత్తి మీ వైపు చూశారా, ‘ఇదేనా?’ అని అడిగారా... ఏ అడుగులో జరిగితే అక్కడ గుర్తు పెట్టుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగితే లోపం స్క్రిప్ట్‌దే. మర్నాడు స్క్రిప్ట్ లేకుండా, తాము రాసుకున్న కాగితంతో బ్యాలెన్స్ చూసుకోగలిగితే ఆ భాగం పాసైనట్టు.

ఇప్పుడు అసైన్‌మెంట్‌లో పంపాల్సింది మూడే. నాలుగు భాగాలతో రాసిన మూడు స్క్రిప్టులు. ఒక్కోదానికి చివరి కాగితం. మూడోది, పరీక్షలో ఎవరు ఎక్కడ ఆగారు, ఆ తర్వాత మీరు ఏ వాక్యం మార్చారు అన్నది పేర్లు లేకుండా ఒక పేజీ. ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది ఆ చివరి పేజీ మీదే. ‘ఇక్కడ 6 సెకన్లు ఎందుకు పెట్టారు?’ అని అడిగితే, ఫలానా అడుగులో వేలు ఎంతసేపు ఆగిందో మీరు చూసి చెబుతున్నట్టుండాలి.